ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చాక: వినిపించే మాటలను, చేజారే పనిని నమోదు చేసుకునే పద్ధతి

ప్రసూతి సెలవు ముగించి ఆఫీసుకు తిరిగి వెళ్ళిన స్త్రీకి తొలి వారాల్లో ఎదురయ్యే ఇబ్బంది రెండు రూపాల్లో ఉంటుంది. మొదటిది మాట. “ఆరు నెలలు హాయిగా రెస్ట్ తీసుకున్నావుగా” అని ఒకరు, “రెండోది కూడా ప్లాన్‌లో ఉందా ఏంటి” అని మరొకరు అంటారు. రెండోది చెవిన పడేది కాదు. ప్రతి గురువారం వచ్చే మీటింగ్ ఇన్వైట్ ఈ గురువారం రాదు, మనం నడిపిన పని గురించి మెయిళ్ళు మన పేరు లేకుండానే నడుస్తుంటాయి, ఎవరూ ఏమీ అనరు. ఈ రెంటినీ ఒకే తీరున రాసుకుంటే రెండూ చెడిపోతాయి. మాటను అన్నది అన్నట్టుగా రాసుకోవాలి. పక్కన పెట్టడాన్ని మాత్రం సెలవుకు ముందు స్థితిని, ఇప్పటి స్థితిని పక్కపక్కన పెట్టి చూపించాలి, ఎందుకంటే అక్కడ చూపడానికి మాటలు ఉండవు.

నేను ప్రసూతి సెలవు నుంచి తిరిగి వెళ్ళింది 2014లో. అప్పటికి చట్టం ఇచ్చే సెలవు 12 వారాలే; అది 26 వారాలైంది 2017 సవరణతో. హైదరాబాద్‌లోని ఆ సంస్థలో నాకు జరిగినదంతా ఒక డైరీలో రాసుకున్నాను. ఏడాది తర్వాత ఒక న్యాయవాది దగ్గరికి ఆ డైరీ తీసుకెళ్తే ఆవిడ ఓపికగా పేజీలన్నీ తిప్పి, “ఇందులో మీరు పడిన బాధ ఉందమ్మా, వాళ్ళు చేసిన పని లేదు” అన్నారు. “ఈ రోజు మళ్ళీ అందరి ముందూ అవమానించాడు” అన్న వాక్యం అందులో తొమ్మిది చోట్ల ఉంది. ఏ మాట అన్నాడో ఒక్కచోటా లేదు. అప్పటికి నాకూ గుర్తు లేదు. ఆ తర్వాత సహోద్యోగులు ఎవరు ఈ పరిస్థితిలో నా దగ్గరికి వచ్చినా మొదట నోటుపుస్తకం గురించే చెబుతున్నాను. 2025లో మాదాపూర్‌లోని ఒక సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్న స్నేహితురాలితో కలిసి చేసిన నమోదును ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను. ఆమె అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

మొదటి మెట్టు: సెలవుకు ముందు మీ పని ఏమిటో ఒక పేజీలో రాయండి

ఆమె సెలవు 2025 జనవరి 6న మొదలై, 26 వారాలు పూర్తిచేసుకుని జులై 6తో ముగిసింది. జులై 7, సోమవారం నాడు ఆఫీసుకు వెళ్ళింది. వెళ్ళే ముందు ఆదివారం సాయంత్రం, పాప నిద్రపోయాక, సెలవుకు ముందు తన చేతిలో ఏమేమి ఉన్నాయో కూర్చుని రాసింది. హోదా, గ్రేడు, ఎవరికి రిపోర్ట్ చేసేది, తనకు రిపోర్ట్ చేసేవాళ్ళు నలుగురు, బిల్లింగ్ మాడ్యూల్ బాధ్యత, రిలీజ్‌కు ముందు ఆఖరి ఆమోదం ఇచ్చే అధికారం, వారంలో తప్పనిసరిగా కూర్చునే ఐదు మీటింగులు, వాటిలో గురువారం రాత్రి క్లయింట్‌తో జరిగే కాల్. దీనికి తోడు గత రెండేళ్ళ అప్రైజల్ లేఖలు, సెలవు మంజూరు చేసిన మెయిల్, సెలవుకు వెళ్ళే రోజు ఎవరికి ఏ పని “తాత్కాలికంగా” అప్పగించిందో చెప్పే హ్యాండోవర్ మెయిల్ తేదీ. ఈ ఒక్క పేజీ లేకపోతే తర్వాత రాసేదంతా గాలిలో తేలుతుంది. “నా పని తీసేశారు” అంటే “ఏ పని, అది నీదని ఎవరు చెప్పారు” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

హ్యాండోవర్ మెయిల్‌లో “తాత్కాలికంగా”, “నేను తిరిగి వచ్చేవరకు” అన్న మాటలు ఉండటం చాలా ముఖ్యం. ఇంకా సెలవుకు వెళ్ళనివారు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ రెండు మాటలు మాత్రం మరచిపోవద్దు. ఇప్పటికే తిరిగి వచ్చేసి ఉంటే, క్యాలెండర్‌ను సెలవుకు ముందు నెలకు తిప్పి చూసి ఆ పేజీని ఇప్పుడైనా రాయవచ్చు. కాకపోతే ఎప్పుడు రాశారో ఆ తేదీనే పైన వేయాలి. పాత తేదీ వేయడం అబద్ధమవుతుంది, ఆ ఒక్క అబద్ధం బయటపడితే మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

రెండో మెట్టు: నోటుపుస్తకం

విడి కాగితాలు వద్దు, స్పైరల్ పుస్తకమూ వద్దు. కుట్టిన నోటుపుస్తకం ఒకటి కొని, రాయడం మొదలుపెట్టక ముందే ప్రతి పేజీకీ అంకె వేయండి. పెన్నుతో రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టండి, తెల్ల రంగుతో చెరపవద్దు, పేజీ చింపవద్దు, తర్వాత నింపుదామని మధ్యలో ఖాళీ వదలవద్దు. రాసిన రోజే ఆ పేజీని సొంత ఫోనుతో ఫొటో తీసి సొంత మెయిల్‌కు పంపుకోండి. చేతిరాత ఎప్పటిదో ఎవరూ తేల్చలేకపోయినా, మెయిల్ ఏ రోజు ఎన్ని గంటలకు వెళ్ళిందో తేలుతుంది. ఈ పుస్తకం ఇంట్లో ఉండాలి కానీ ఆఫీసు డెస్కు సొరుగులో ఉండకూడదు.

వెంటనే రాయమనడానికి చట్టంలోనే కారణం ఉంది. సాక్షి తాను విషయం తాజాగా గుర్తున్నప్పుడే రాసుకున్న కాగితాన్ని చూసి జ్ఞాపకం తెచ్చుకుని చెప్పవచ్చని మన సాక్ష్య చట్టం ఒప్పుకుంటుంది; పాత చట్టంలోనూ ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. అయితే అలా చూసి చెబితే ఆ కాగితాన్ని ఎదుటి పక్షం కూడా అడిగి చూడవచ్చు, దాని మీద ప్రశ్నలు వేయవచ్చు. అందువల్ల ప్రతి పేజీనీ ఒకనాడు ఎదుటి పక్షపు న్యాయవాది గట్టిగా చదివి వినిపిస్తాడన్న ఎరుకతో రాయాలి. మేనేజర్ మీద తిట్లు, ఆయన ఇంటి సంగతులు, మీ అనుమానాలు అందులోకి రాకూడదు.

నా స్నేహితురాలు మొదట రాసిన నమోదు ఇలా ఉంది:

“మేనేజర్ మళ్ళీ చులకనగా మాట్లాడారు. పాప పుట్టిందని పనికిరానిదాన్ని అయిపోయానట. చాలా ఏడుపొచ్చింది.”

అదే సంఘటనను ఆ రాత్రే తిరిగి రాయించాను:

“2025 జులై 9, బుధవారం, ఉదయం 11.20 ప్రాంతం. ఆరో అంతస్తులో లిఫ్టు పక్కనున్న చిన్న మీటింగ్ గది. ఉన్నవాళ్ళు: నేను, మేనేజర్, టెస్టింగ్ లీడ్. ఆగస్టు రిలీజ్ ఎవరు చూడాలన్న చర్చ. సెలవుకు ముందు నేనే చూసేదాన్ని కాబట్టి ఇప్పుడూ చూస్తానని చెప్పాను. మేనేజర్ అన్నది: ‘ఇప్పుడు నీకు పాపే ప్రయారిటీ కదమ్మా, రాత్రి కాల్స్ నీ వల్ల ఎక్కడవుతాయి, కొన్నాళ్ళు లైట్ వర్క్ చూద్దాంలే.’ నేను అన్నది: ‘రాత్రి కాల్స్ చేయలేనని నేను చెప్పలేదు సార్.’ ఆయన: ‘నీ మంచికే చెప్తున్నా.’ టెస్టింగ్ లీడ్ ఏమీ అనలేదు. 11.35కు లేచాం. రాసింది: అదే రోజు రాత్రి 9.40, ఇంట్లో.”

రెండో నమోదులో ‘చులకన’ అన్న మాటే లేదు, అయినా ఆ సంగతి చదివేవారికి తెలిసిపోతుంది. అన్న మాటను తెలుగు, ఇంగ్లీషు కలిసినట్టే రాయాలి, మర్యాదగా సవరించకూడదు, పూర్తి ఇంగ్లీషులోకి మార్చకూడదు. ‘నీ’ అన్నారా ‘మీ’ అన్నారా, ‘అమ్మా’ అని చేర్చారా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అదే గదిలో మగ లీడ్‌ను ‘మీరు’ అని పిలిచి ఈమెను ‘నీకెందుకమ్మా’ అని పిలవడంలో తేడా ఉంది. మాట సరిగ్గా గుర్తు లేకపోతే కొటేషన్ గుర్తులు పెట్టకుండా “ఈ అర్థం వచ్చేలా అన్నారు” అని రాయాలి. మాట ముందు నడిచిన చర్చ ఏమిటన్నదీ వదలవద్దు. “పాపే ప్రయారిటీ కదా” అని క్యాంటీన్‌లో టీ తాగుతూ అంటే అది ఊరికే కబుర్లలో మాట కావచ్చు, పని ఎవరికివ్వాలో తేల్చే చోట అంటే అది నిర్ణయానికి కారణం. ఆ ఒక్క సందర్భమే ఆ మాటకు బరువునిస్తుంది.

ఏడుపు వచ్చిన సంగతి రాయవద్దని నేను అనడం లేదు. నిద్ర లేకపోవడం, పాలు తగ్గడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం జరిగితే తేదీతో విడిగా రాయండి, మందుల చీటీ దాచుకోండి. అవి జరిగిన విషయాలే. “నన్ను వెళ్ళగొట్టాలని చూస్తున్నారు” అన్నది మాత్రం ఊహ.

మేనేజర్ మంచిగా ఉన్న రోజులను కూడా రాయాలి. జులై 11న పాపకు జ్వరం వస్తే మేనేజర్ ఇంటి నుంచి పనిచేయమని తనంతట తానే చెప్పారు. అదీ పుస్తకంలో ఉంది. దాన్ని రాయడానికి ఆమెకు మనసొప్పలేదు. కానీ మూడు నెలల పుస్తకంలో ఒక్క మంచి మాటా లేకపోతే అది కావాలని కూర్చినట్టు ఉంటుంది, పైగా అది నిజం కూడా కాదు.

మూడో మెట్టు: చేజారిన పనిని పోల్చి చూపించడం

జులై 10, గురువారం రాత్రి క్లయింట్ కాల్‌కు ఆమెకు ఇన్వైట్ రాలేదు. 17న కూడా రాలేదు. ఒకసారి రాకపోతే పొరపాటు కావచ్చు కాబట్టి 17 దాకా ఆగి, మరునాడు మేనేజర్‌కు రెండు వాక్యాల మెయిల్ పెట్టింది: గురువారం కాల్ ఇన్వైట్ నాకు రావడం లేదు, చేర్చగలరు. జవాబు రాలేదు. జులై 22న పిలిచి, బిల్లింగ్ మాడ్యూల్‌ను ఇకపై ఆమె కింద పనిచేసిన జూనియరే చూస్తాడని నోటిమాటగా చెప్పారు. ఆగస్టు 4 నాటికి, అంటే తిరిగి వచ్చిన నాలుగు వారాలకు, మొదటి పేజీలో రాసుకున్న ఐదు మీటింగుల్లో ఆమె కూర్చుంటున్నది ఒక్కదానిలోనే. రిపోర్ట్ చేసే నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. హోదా, జీతం మాత్రం చెక్కుచెదరలేదు.

హోదా, జీతం తగ్గలేదు కాబట్టి నష్టం ఏమీ లేదనే జవాబు ఇక్కడ తప్పక వస్తుంది. దానికి ఎదురుగా పెట్టగలిగింది ఈ లెక్కే. అందుకే ప్రతి సోమవారం ఆమె ఒకే నాలుగు అంశాలను రాసింది: ఆ వారం పిలిచిన మీటింగులు ఎన్ని, తనకు రిపోర్ట్ చేసేవాళ్ళు ఎందరు, కొత్తగా వచ్చిన పని ఏమిటి, తీసేసిన పని ఏమిటి. ప్రతి వారం ఒకే అంశాలను రాయడంలోనే ఉపయోగం ఉంది, నచ్చిన వారం నచ్చినదాన్ని ఎత్తి రాస్తే పోలిక నిలవదు.

ఈ మార్పుకు వేరే కారణం ఉందా అన్నది ఎదుటివాళ్ళు అడిగేలోపే మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ప్రాజెక్టే చిన్నదైపోయి అందరి మీటింగులూ తగ్గాయా? టీమ్ మొత్తం మారిందా? ఆమె సంగతిలో అలాంటిదేమీ లేదు. అంతకన్నా పెద్ద విషయం, అదే టీమ్‌లో మరో లీడ్ మోకాలి ఆపరేషన్‌కు రెండు నెలలకు పైగా సెలవు పెట్టి మార్చిలో తిరిగి వచ్చారు, ఆయన మాడ్యూల్ ఆయనకే, మొదటి వారంలోనే తిరిగి అప్పగించారు. సెలవు తీసుకోవడమే కారణమైతే ఇద్దరికీ ఒకేలా జరగాలి. ఇలాంటి పోలిక ఒకటి దొరికితే పది వ్యాఖ్యల కన్నా బలంగా ఉంటుంది. దొరకకపోతే సృష్టించుకోవద్దు.

నాలుగో మెట్టు: నోటిమాటను కాగితం మీదికి తేవడం

పక్కన పెట్టే నిర్ణయాలు ఎక్కువగా నోటితోనే జరుగుతాయి. వాటిని మెయిల్‌లోకి తెచ్చే పని మనదే. జులై 23 ఉదయం ఆమె పంపిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది, తెలుగులో దాని సారం ఇది:

“నిన్న మధ్యాహ్నం మనం మాట్లాడినదాన్ని బట్టి, బిల్లింగ్ మాడ్యూల్ బాధ్యతను ఇకపై వేరొకరు చూస్తారని నాకు అర్థమైంది. నేను సెలవుకు వెళ్ళే వరకు ఈ బాధ్యత నాది, హ్యాండోవర్ తాత్కాలికమని జనవరి 3 నాటి నా మెయిల్‌లో ఉంది. మార్పుకు కారణం, ఇకపై నా బాధ్యతలు, ఈ మార్పు నా అప్రైజల్ మీద చూపే ప్రభావం తెలియజేయగలరు. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిచేయగలరు.”

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టినది మాత్రమే కాదు. సరిచేయమని అడిగినా సరిచేయలేదంటే మీరు రాసింది ఒప్పుకున్నట్టేనని తర్వాత వాదించడానికి వీలుంటుంది. మెయిల్‌లో ఆరోపణ ఒక్కటీ లేదు, జులై 9న విన్న మాట ప్రస్తావనా లేదు. ప్రతి వ్యాఖ్యకూ ఒక మెయిల్ పెడితే రెండు వారాల్లోనే గొడవలమారి అన్న పేరు వస్తుంది. నిర్ణయానికి మాత్రమే మెయిల్ పెట్టాలి, మాటలకు నోటుపుస్తకం ఉంది. జవాబుగా “ఫోన్‌లో మాట్లాడుకుందాం” అని వస్తే ఆ ఫోన్ సంభాషణ సారాన్ని మళ్ళీ అలాగే మెయిల్ చేయాలి.

ఇక్కడ ఒక తేదీ గురించి వివరంగా చెప్పాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోని 12వ సెక్షన్, సెలవులో ఉన్న స్త్రీని తొలగించడాన్ని, ఆమె ఉద్యోగ షరతులను ఆమెకు నష్టం కలిగేలా మార్చడాన్ని నిషేధించింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ రక్షణ కొనసాగింది. కానీ ఆ నిషేధాన్ని రాసిన తీరు సెలవుకాలానికి ముడిపడి ఉంది. తిరిగి వచ్చి చాలాకాలం గడిచాక జరిగిన మార్పును దాని కిందికి తేవడం కష్టం. అందువల్ల “పని ఎప్పుడు పోయిందని నాకు తెలిసింది” అన్నదాని కన్నా “మార్చాలని ఎప్పుడు తేల్చారు” అన్నది ముఖ్యం.

నా స్నేహితురాలికి తెలిసింది జులై 22న. కానీ ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో చూపే టీమ్ చార్ట్ ఫైల్‌లో చివరి మార్పు తేదీ ఏప్రిల్ 17 అని ఆమె గమనించింది. ఆ రోజుకు పాపకు రెండు నెలలు. ఆమె ఆ ఫైల్‌ను కాపీ చేసుకోలేదు. ఫైల్ పేరు, తేదీ పుస్తకంలో రాసుకుని, హెచ్ఆర్‌కు ఒకే ఒక ప్రశ్నతో మెయిల్ పెట్టింది: నా టీమ్ సభ్యుల రిపోర్టింగ్ ఏ తేదీ నుంచి మారింది? మూడు రోజులకు జవాబు వచ్చింది: సిస్టమ్ ప్రకారం ఏప్రిల్ 17 నుంచి. సెలవు మధ్యలో, ఆమెకు చెప్పకుండా మార్చారన్న విషయం సంస్థ మెయిల్‌లోనే నమోదైపోయింది.

ఐదో మెట్టు: ఏది దాచుకోవచ్చు, ఏది తీసుకెళ్ళకూడదు

భయంలో చాలామంది చేసే పొరపాటు ఆఫీసు మెయిళ్ళన్నీ సొంత మెయిల్‌కు పంపుకోవడం. అందులో క్లయింట్ వివరాలు ఒక్కటి ఉన్నా సమాచారం బయటికి పంపావని ఎదురు కేసు పెడతారు, అసలు విషయం పక్కకు పోతుంది. నియామక పత్రం, జీతం చీటీలు, అప్రైజల్ లేఖలు, సెలవు మంజూరు మెయిల్, హెచ్ఆర్‌తో మీ సొంత ఉద్యోగం గురించి జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు మీవి. వాటి ప్రింట్లు తీసుకోవచ్చునో లేదో సంస్థ నియమాల్లో ముందు చూసి, వీలైనంత త్వరగా తీసుకోండి, ఎందుకంటే రాజీనామా చేసినా తొలగించినా లాగిన్ ఆ రోజే ఆగిపోవచ్చు. మిగతా మెయిళ్ళకు పంపినవారి పేరు, తేదీ, సమయం, సబ్జెక్ట్ రాసుకుంటే చాలు. ఫిర్యాదు చేసినప్పుడు ఆ నాలుగు వివరాలతో “ఈ మెయిల్‌ను భద్రపరచి విచారణ ముందు పెట్టండి” అని అడగవచ్చు. ఆఫీసు చాట్‌లో వచ్చిన మాటలకూ ఇదే పద్ధతి.

వాట్సాప్ మీ ఫోన్‌లోది కాబట్టి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన పేరుతో పాటు నంబర్, తేదీ కనిపించేలా, ముందు వెనక మెసేజులతో సహా తీయండి, కత్తిరించవద్దు. ఆ సంభాషణలో `Export chat` వాడి మొత్తం దాచండి. మీరు కోపంలో పెట్టిన మెసేజులు ఉన్నా వాటిని తుడిచేయవద్దు. మెసేజులు వాటంతటవే మాయమయ్యే అమరిక పెట్టి ఉంటే వచ్చిన రోజే దాచుకోవాలి. కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం ఇవ్వాలి, దానికి అసలు ఫోన్ చేతిలో ఉంటే పని సులువవుతుంది. పండగ ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఆ ఫోన్ ఇచ్చేయవద్దు.

రహస్యంగా రికార్డు చేయడం గురించి అందరూ అడుగుతారు. మీరు లేని సంభాషణను ఎన్నడూ రికార్డు చేయవద్దు. మీరు ఉన్న సంభాషణను చేసినా సంస్థ నియమాలు దాన్ని క్రమశిక్షణ ఉల్లంఘనగా చూడవచ్చు, కాబట్టి న్యాయవాదిని అడగకుండా ఆ పని మొదలుపెట్టవద్దన్నది నా అభిప్రాయం.

సాక్షుల విషయంలో ఒక్క మాట. ఆగస్టులో ఒక అమ్మాయి నా స్నేహితురాలిని మెట్రో స్టేషన్ మెట్ల మీద ఆపి, “అక్కా, నేను విన్నా గానీ నా పేరు రాయకు, నాకు హోమ్ లోన్ ఉంది” అంది. ఆ గదిలో ఎవరున్నారన్నది జరిగిన విషయం, దాన్ని మార్చి రాయలేం. కానీ సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేయకూడదు, “నువ్వు ఇలా విన్నావు కదా” అని మాటలు అందించకూడదు. జరిగినదాన్ని ఆఫీసు గ్రూపుల్లో పంచుకోవడం కూడా మానుకోవాలి. అందరూ కలిసి చెప్పుకున్నాక ఎవరి జ్ఞాపకం ఎవరిదో తేలదు.

ఆరో మెట్టు: ఏ నమోదును ఎక్కడికి తీసుకెళ్ళాలి

పుస్తకంలో ఉన్నవన్నీ ఒకే చోట ఇచ్చే ఫిర్యాదు కాదు. ఆగస్టు 1న, పాప కోసం పాలు పిండుకోవడానికి గదిలోకి వెళ్తుంటే ఒక సీనియర్ ఆమె శరీరం గురించి అన్న మాట ఒకటి పుస్తకంలో ఉంది. దాన్ని ఇక్కడ రాయను. అటువంటి లైంగిక ఛాయ ఉన్న మాట, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం కిందికి వస్తుంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేని చోట జిల్లా స్థానిక కమిటీ ఉంటుంది. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు, వరసగా జరుగుతుంటే చివరి సంఘటన నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. నియమాల ప్రకారం ఫిర్యాదు ఆరు ప్రతులు, ఆధార పత్రాలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఇవ్వాలి. ఈ గడువు వల్లనే నోటుపుస్తకంలో తేదీలు అంత ముఖ్యం.

“పాపే ప్రయారిటీ కదమ్మా” అన్నది మాత్రం దానంతటది లైంగిక వేధింపు కాదు. దాన్ని ఆ కమిటీకి తీసుకెళ్తే తమ పరిధిలో లేదంటారు, ఆగస్టు 1 నాటి ఫిర్యాదు కూడా దానితో పలచబడుతుంది. అది పని తీసేసిన విషయంతో కలిసి హెచ్ఆర్‌కు ఇచ్చే ఫిర్యాదులో ఉండాలి, ఎందుకంటే పని ఎందుకు పోయిందో చెప్పేది ఆ మాటే.

చట్టం ఇచ్చిన సదుపాయాలు అందకపోవడం వేరే విషయం. బిడ్డకు 15 నెలలు నిండే వరకు మామూలు విరామానికి అదనంగా రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు తల్లిని అక్కడికి వెళ్ళనివ్వాలి. ఆ విరామానికి వెళ్ళినందుకు “మళ్ళీ బ్రేకా” అన్న మాట పడితే, విరామం తీసుకున్న సమయం, తిరిగి కూర్చున్న సమయం కూడా రాయండి. ఈ సదుపాయాల మీద, సెలవు జీతం ఆపడం మీద కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాద్‌లో ఆ శాఖ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ప్రసూతి ప్రయోజనం నిరాకరించినా, సెలవు కారణంగా తొలగించినా ఆ ఉత్తర్వు అందిన 60 రోజుల్లోపు అప్పీలు చేయాలి.

రాజీనామా చేయమని పరోక్షంగా నెట్టే రోజు రావచ్చు. హెచ్ఆర్ వాళ్ళు తయారుచేసి ఇచ్చే లేఖలో “వ్యక్తిగత కారణాల వల్ల” అని ఉంటుంది. ఆ మూడు మాటల కింద సంతకం పెడితే అన్ని నెలల నమోదునూ మీ సంతకమే కాదంటుంది. ఆ రోజు సంతకం పెట్టకుండా, చదివి రేపు చెబుతానని బయటికి రండి.

ఫిర్యాదు పత్రం

పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వవద్దు. దాని నుంచి రెండు పేజీల కాలక్రమం తయారుచేసి, ప్రతి సంఘటన పక్కన పుస్తకంలోని పేజీ అంకె, మెయిల్ తేదీ వేయండి. నా స్నేహితురాలి పుస్తకంలో ఆరు వారాలకు ముప్పై ఒక్క నమోదులు ఉన్నాయి. హెచ్ఆర్‌కు ఇచ్చిన పత్రంలోకి తీసుకున్నవి ఏడు: సెలవుకు ముందు స్థితి, ఏప్రిల్ 17 మార్పు, జులై 9 మాట, రెండు గురువారాల ఇన్వైట్, జులై 22 నిర్ణయం, జవాబు రాని జులై 23 మెయిల్, ఆపరేషన్ నుంచి తిరిగి వచ్చిన లీడ్‌తో పోలిక. “ఏంటి, ఇంత వాడిపోయావ్” వంటి చిన్న చిన్న మాటలన్నీ వదిలేశాం, అవి నిజమే అయినా. బలమైన ఏడింటి పక్కన బలహీనమైనవి పెడితే చదివేవాళ్ళు బలహీనమైనదాన్నే పట్టుకుని జవాబిస్తారు. అంతర్గత కమిటీకి ఆగస్టు 1 సంఘటన మీద విడిగా ఇచ్చింది.

ఆగస్టు 18న ఇచ్చిన ఆ పత్రంలో ఆమె అడిగినవి మూడే: మాడ్యూల్ బాధ్యత తిరిగి ఇవ్వడం, టీమ్ రిపోర్టింగ్ సరిచేయడం, ఈ ఆరు వారాలను, సెలవుకాలాన్ని అప్రైజల్‌లో తనకు వ్యతిరేకంగా లెక్కించబోమని రాతపూర్వకంగా చెప్పడం. నెల తిరగకముందే గురువారం కాల్‌లోకి మళ్ళీ పిలిచారు, ఇద్దరు సభ్యులు ఆమె కిందికి వచ్చారు, అప్రైజల్ గురించి మెయిల్ వచ్చింది. బిల్లింగ్ మాడ్యూల్ ఇప్పటికీ రాలేదు. పత్రం ఇచ్చిన రోజు రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ, సమయం వేయించుకుని దాన్ని పుస్తకం చివరి అట్ట లోపల అంటించింది. ఆ తర్వాత పేజీల్లో సోమవారం నమోదులు కొనసాగుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఫిర్యాదు చేసినందుకు ఏమైనా జరిగితే అది ఆ తేదీ తర్వాతి పేజీల్లోనే కనబడాలి.